పాత లీడర్ చెప్పిన పాత జవాబు: డేటాబేస్ మాట నిజమో కాదో జెప్సెన్ పద్ధతిలో తేల్చడం

పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకి నేనో చిన్న కీ-వాల్యూ స్టోర్ రాశాను. మూడు డాకర్ కంటైనర్లు, వాటిలో ఒకటి లీడర్, లీడర్ చచ్చిపోతే మిగతా రెండూ కొత్త లీడర్‌ని ఎన్నుకుంటాయి. రాఫ్ట్ అల్గారిథమ్ చదివి, అందులో ఎన్నిక భాగం, లాగ్ కాపీ భాగం పైథాన్‌లో రాసుకున్నాను. రిపోర్టులో "స్ట్రాంగ్ కన్సిస్టెన్సీ ఉంది" అని ధైర్యంగా ఒక వాక్యం కూడా రాశాను. వైవాలో మేడమ్ ఆ వాక్యం మీద పెన్ను పెట్టి "ఇది నీకెలా తెలుసు?" అని అడిగారు. ఒక కంటైనర్ ఆపేసి చూశాను మేడమ్, పని చేసింది అన్నాను. "ఆపేస్తే సరే. ఆగకుండా బతికే ఉండి, మిగతావాళ్లతో మాట మాత్రం తెగిపోతే?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు వెతుక్కుంటూ వెళ్తే దొరికింది జెప్సెన్. ఈ వ్యాసంలో దాని గురించి మొత్తం చెప్పను. ఒకే ఒక్క తప్పు తీసుకుని, అది ఎలా పుడుతుందో, దాన్ని ఎలా పట్టుకుంటారో చివరిదాకా చూద్దాం.

ముందు, డేటాబేస్ ఏమని మాటిస్తోంది?

జెప్సెన్‌ని మొదలుపెట్టింది కైల్ కింగ్స్‌బరీ అనే అమెరికన్ ఇంజినీరు. 2013లో "కాల్ మీ మేబీ" పేరుతో వరసగా వ్యాసాలు రాశాడు. ఆ పాట పాడిన కార్లీ రే జెప్సెన్ పేరే టూల్‌కి కూడా అంటుకుంది. పేరు సరదాగా ఉన్నా పని మాత్రం సీరియస్. ఒక డేటాబేస్ వాళ్లు తమ డాక్యుమెంటేషన్‌లో ఏమని చెప్పుకున్నారో చూసి, ఆ మాట నిలబడుతుందో లేదో ప్రయోగం చేసి తేల్చడం.

మనం చూడబోయే మాట పేరు లీనియరైజబిలిటీ. 1990లో హెర్లిహీ, వింగ్ అనే ఇద్దరు దీన్ని నిర్వచించారు. తేలిక మాటల్లో చెప్పాలంటే, లోపల ఎన్ని కాపీలు ఉన్నా బయటివాళ్లకి ఒకటే కాపీ ఉన్నట్టు కనబడాలి. ప్రతి ఆపరేషన్ అది మొదలైన క్షణానికీ ముగిసిన క్షణానికీ మధ్య ఎక్కడో ఒక్క చోట, ఒక్కసారిగా జరిగినట్టు అనిపించాలి. అంటే మీ రాత పూర్తయిందని జవాబొచ్చాక, ఆ తర్వాత మొదలైన ఏ రీడ్ అయినా ఆ రాతనో, దాని తర్వాత వచ్చినదాన్నో చూపించాలి. అంతకన్నా పాతది చూపించకూడదు.

ఇక్కడ "తర్వాత మొదలైన" అన్న మాట గుర్తుపెట్టుకోండి. కథంతా దాని మీదే నడుస్తుంది.

తీగ తెంపడం

జెప్సెన్ సెటప్ సులువుగానే ఉంటుంది. మామూలుగా ఐదు మెషీన్లు, `n1` నుంచి `n5` దాకా, వాటి మీద డేటాబేస్ నడుస్తుంది. ఆరో మెషీన్ కంట్రోల్ నోడ్. అందులో క్లయింట్లు ఉంటాయి, అవి ఐదు నోడ్లకీ రీడ్‌లు, రైట్‌లు పంపుతూనే ఉంటాయి. వీటితో పాటు నెమెసిస్ అని ఒకటి నడుస్తుంది. గ్రీకు పురాణాల్లో ప్రతీకార దేవత పేరది. దీని పని క్లస్టర్‌ని ఇబ్బంది పెట్టడమే. నోడ్ల మధ్య నెట్‌వర్క్ తెంపుతుంది, కొంతసేపాగి కలుపుతుంది, మళ్లీ తెంపుతుంది.

తెంపడానికి నిజంగా తీగ పీకక్కర్లేదు. ప్రతి నోడ్ మీదా లినక్స్ ఫైర్‌వాల్‌కి ఒక్క లైన్ చెప్తే చాలు.

```
iptables -A INPUT -s 10.0.0.3 -j DROP -w
```

ఈ అడ్రస్ నుంచి వచ్చే ప్యాకెట్ ఏదైనా చప్పుడు చేయకుండా పారెయ్ అని దీని అర్థం. చప్పుడు చేయకపోవడమే అసలు విషయం. కనెక్షన్ కాదు పొమ్మని ఎర్రర్ వస్తే అవతలి నోడ్‌కి వెంటనే తెలిసిపోతుంది. ఏమీ రాకపోతే మాత్రం అవతలివాడు చచ్చాడో, నెమ్మదిగా ఉన్నాడో, దారి తెగిందో ఎప్పటికీ తేలదు. మేడమ్ అడిగింది సరిగ్గా ఇదే.

నేను మొదటిసారి చేసిన పొరపాటు ఒకటి చెప్తాను. కంటైనర్‌ని డాకర్ నెట్‌వర్క్ నుంచి మొత్తంగా విడదీశాను. అప్పుడు దాంతో మిగతా నోడ్లే కాదు, నా క్లయింట్ కూడా మాట్లాడలేదు. అది లోపల ఎంత తప్పు జవాబు పట్టుకుని కూర్చున్నా అడిగేవాడు లేడు, ఇక తప్పు బయటపడేది ఎలా? జెప్సెన్ తెంపేది నోడ్ల మధ్య దారులు మాత్రమే. కంట్రోల్ నోడ్‌కి మాత్రం ఐదూ అందుతూనే ఉంటాయి. నిజ జీవితంలోనూ ఇలాగే జరగొచ్చు. అప్లికేషన్ సర్వర్‌కి రెండు నోడ్లూ కనిపిస్తుంటాయి, ఆ రెండింటికీ ఒకదానికొకటి కనిపించదు.

హిస్టరీ రాసుకోవడం

క్లయింట్లు చేసే ప్రతి పనీ రెండు లైన్లుగా రికార్డవుతుంది. మొదలైనప్పుడు `:invoke`, ముగిసినప్పుడు ఇంకోటి. నా స్టోర్ మీద వచ్చిన హిస్టరీలో అసలు ముక్క ఇది. ఎడమవైపు అంకె క్లయింట్ నంబరు.

```
0  :invoke  :write  1
0  :ok      :write  1
1  :invoke  :write  2
1  :ok      :write  2
2  :invoke  :read   nil
2  :ok      :read   1
```

మొదటి రాతకీ రెండో రాతకీ మధ్యలో నెమెసిస్ నెట్‌వర్క్ తెంపింది. కానీ జడ్జిమెంట్ ఇచ్చే చెకర్‌కి ఆ సంగతి అక్కర్లేదు. డేటాబేస్ లోపల ఏం జరిగిందో కూడా అది చూడదు. క్లయింట్లకి ఏం కనబడిందో అంతవరకే చూస్తుంది. అందుకే ఇదే చెకర్ ఏ డేటాబేస్‌కైనా పనికొస్తుంది.

పై ఆరు లైన్లనీ మనమే చెక్ చేద్దాం. 2 రాయడం ముగిశాకే రీడ్ మొదలైంది. కాబట్టి వరసలో రీడ్ 2 తర్వాతే రావాలి. 1 రాయడం అంతకు ముందే ముగిసింది. అంటే ఉన్న ఒకే వరస 1, 2, రీడ్. ఆ వరసలో రీడ్‌కి 2 రావాలి, వచ్చింది 1. వేరే ఏ వరసా కుదరదు. మాట తప్పినట్టే.

ఇప్పుడు చిన్న మార్పు చేద్దాం. 2 రాత `:ok` లైను చివరికి, రీడ్ ముగిశాక వచ్చిందనుకోండి. అప్పుడు రాత, రీడ్ రెండూ ఒకేసారి నడుస్తున్నాయి. రీడ్ ముందు జరిగింది, రాత తర్వాత జరిగింది అని సర్దుకోవచ్చు. జవాబు 1 వచ్చినా తప్పు లేదు. ఒక్క లైను స్థానం మారితే తీర్పే మారిపోయింది. అందుకే టైమ్ రికార్డు చేసేటప్పుడు రిక్వెస్ట్ పంపకముందే `:invoke`, జవాబు అందాకే `:ok` రాయాలి. అటూ ఇటూ అయితే తప్పుడు కేసు పెట్టినట్టవుతుంది.

కుదిరే వరస ఒక్కటైనా ఉందా అని వెతకడమే చెకర్ పని. నేను రాసుకున్నది ఇంతే.

```python
INF = float("inf")

def check(ops, val=None):
    if all(end == INF for (_, _, _, end) in ops):
        return True
    first_end = min(end for (_, _, _, end) in ops)
    for i, (kind, v, start, end) in enumerate(ops):
        if start > first_end:
            continue
        if kind == "read" and v != val:
            continue
        if check(ops[:i] + ops[i+1:], v):
            return True
    return False
```

మిగిలిన ఆపరేషన్లలో అందరికన్నా ముందు ముగిసింది ఎప్పుడో చూస్తాం. ఆ క్షణానికల్లా మొదలైనవాటిలో ఏదో ఒకటి మాత్రమే వరసలో ముందు రాగలదు. ఒక్కొక్కటి పెట్టి చూస్తాం, రీడ్ అయితే విలువ సరిపోవాలి. దారి మూసుకుపోతే వెనక్కొచ్చి ఇంకోటి పెడతాం. జెప్సెన్‌తో వాడే నాసస్ అనే చెకర్ దీనికన్నా చాలా తెలివైనది, కానీ అడిగే ప్రశ్న ఇదే.

కోడ్‌లో ఆ `INF` ఎందుకుందో ఇప్పుడు చెప్తాను. దాని వల్ల నా రెండు సాయంత్రాలు పోయాయి.

"తెలీదు" అనేది కూడా ఒక జవాబే

తెంపే ముందు క్షణంలో నా క్లయింట్ లీడర్ ఎ కి "3 రాయి" అని పంపింది. రెండు సెకన్లు చూసింది, జవాబు రాలేదు, టైమవుట్. దాన్ని నేను `:fail` అని రికార్డు చేశాను. జవాబు రాలేదంటే పని జరగనట్టే కదా అనుకున్నాను. కాసేపటికి నెట్‌వర్క్ కలిశాక ఎవరో రీడ్ చేస్తే 3 వచ్చింది. రాయడమే జరగని 3 ఎక్కడినుంచి వచ్చింది? చెకర్ గట్టిగా తప్పు పట్టింది. స్టోర్ కోడ్ అంతా రెండు రోజులు తవ్వాను. ఏమీ దొరకలేదు.

లాగ్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే అప్పుడు అర్థమైంది. ఎ ఆ రాతని బి కి పంపింది. బి తన లాగ్‌లో రాసుకుంది. "రాసుకున్నా" అని తిరిగి చెప్పేలోపు దారి తెగింది. తర్వాత బి కొత్త లీడర్ అయింది, తన లాగ్‌లో ఉన్న 3ని సి కి కూడా పంపి ఖాయం చేసింది. రాఫ్ట్ ప్రకారం ఇది పూర్తిగా సరైన ప్రవర్తన. తప్పు స్టోర్‌ది కాదు, నా టెస్టర్‌ది.

అందుకే జెప్సెన్‌లో ముగింపు మూడు రకాలు. `:ok` అంటే జరిగింది. `:fail` అంటే ఖచ్చితంగా జరగలేదు. `:info` అంటే తెలీదు. టైమవుట్ అయిన రాత ఎప్పుడూ `:info`నే. అది అప్పుడే జరిగి ఉండొచ్చు, ఇంకో నిమిషం తర్వాత జరగొచ్చు, ఎప్పటికీ జరగకపోవచ్చు. కాబట్టి దాని ముగింపు టైమ్ అనంతం. నా కోడ్‌లో `INF` అదే. అలాంటివి మాత్రమే మిగిలితే "ఇవి జరగనే లేదనుకుందాం" అని `True` ఇచ్చేస్తుంది. టైమవుట్ అయిన రీడ్‌తో పేచీ లేదు. దానివల్ల ఎవరికీ ఏ విలువా కనబడలేదు కాబట్టి లిస్టులోంచి తీసేయొచ్చు.

అలాగని భయపడి అన్నిటికీ `:info` పెట్టేస్తే ఇంకో చిక్కు. మొదటిది, ఖచ్చితంగా ఫెయిలైన రాతని "ఏమో" అంటే, ఆ విలువ నిజంగా తప్పుగా కనబడినప్పుడు కూడా చెకర్ క్షమించేస్తుంది. రెండోది, ముగియని ఆపరేషన్ హిస్టరీ చివరిదాకా అన్నిటితో పాటూ నడుస్తున్నట్టే లెక్క. ఒక్కొక్కటి పెరిగేకొద్దీ వెతకాల్సిన దారులు రెట్టింపవుతూ పోతాయి. అలాంటివి ఇరవై దాటేసరికి నా చెకర్ ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోగించడం తప్ప ఏమీ తేల్చలేదు. అందుకే జెప్సెన్ టెస్టుల్లో ఒకే కీ మీద గంటల తరబడి రాయరు. చాలా కీలు తీసుకుని, ఒక్కో కీ మీద కొన్ని ఆపరేషన్లే చేసి, ఒక్కో కీ హిస్టరీని విడిగా చెక్ చేస్తారు. ప్రతి కీ విడిగా లీనియరైజబుల్ అయితే మొత్తం కూడా అయినట్టేనని హెర్లిహీ, వింగ్ పేపర్‌లోనే నిరూపణ ఉంది.

అసలు దొంగ

టెస్టర్ సరిచేశాక తప్పుడు కేసులు ఆగిపోయాయి. కానీ ఒకటి మాత్రం మిగిలింది. అదే పైన చూపించిన ఆరు లైన్లు. ఈసారి నేరం నిజంగా నా స్టోర్‌దే.

మన క్లాసులో జరిగేదే ఊహించుకోండి. పాత సీఆర్ ఊరెళ్లాడు, అక్కడ సిగ్నల్ లేదు. ఇక్కడ క్లాసు కొత్త సీఆర్‌ని ఎన్నుకుంది, ల్యాబ్ టైమ్ మారింది. పాత సీఆర్ పక్కనే ఊళ్లో ఇంకో క్లాస్‌మేట్ ఉంటే, వాడు ల్యాబ్ ఎప్పుడురా అని అడుగుతాడు. పాత సీఆర్ పూర్తి నమ్మకంతో పాత టైమ్ చెప్తాడు. అబద్ధం ఆడటం లేదు పాపం. తాను ఇంకా సీఆర్‌నే అనుకుంటున్నాడు.

నా ఎ నోడ్ అదే. తెగాక బి, సి లకి ఒక సెకను పాటు హార్ట్‌బీట్ రాలేదు, ముగ్గురిలో ఇద్దరున్నారు కాబట్టి మెజారిటీతో కొత్త లీడర్‌ని ఎన్నుకున్నాయి. 2 రాత అక్కడ జరిగింది. ఎ కి ఈ సంగతి తెలీదు. ఎ దగ్గరికి రైట్ వస్తే మెజారిటీ ఒప్పుకోవాలి కాబట్టి అది ముందుకు కదలదు, సురక్షితమే. కానీ రీడ్ వస్తే? "నేను లీడర్ని, నా దగ్గరున్నదే లేటెస్ట్" అనుకుని ఎవర్నీ అడగకుండా తన మెమరీలోంచి ఇచ్చేసేలా రాశాను. రైట్‌లకి ఓటింగ్ పెట్టి, రీడ్‌లకి పెట్టలేదు.

ఇది ఒక్క నా లాంటి సెకండియర్ వాడు చేసిన తప్పే అయితే ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు. 2014లో కింగ్స్‌బరీ ఈటీసీడీ అనే స్టోర్ మీద జెప్సెన్ నడిపినప్పుడు సరిగ్గా ఇదే దొరికింది. ఈటీసీడీ కోర్‌ఓఎస్ వాళ్లు రాఫ్ట్ మీద కట్టినది. ఇవాళ కుబర్నెటీస్ తన క్లస్టర్ సమాచారమంతా దాచుకునేది అందులోనే. అప్పటి వెర్షన్‌లో రీడ్‌ని ఏ నోడ్ అయినా తన సొంత కాపీలోంచి ఇచ్చేసేది. లీడర్‌నే అడగమని ఒక ఆప్షన్ ఉండేది గానీ, ఆ లీడరే పదవి పోయిన పాత లీడర్ కావచ్చు కదా. ఐదు నోడ్లు, ఒక చిన్న రిజిస్టర్, దాని మీద రీడ్, రైట్, కంపేర్-అండ్-సెట్. అంత చిన్న టెస్టుకే పాత విలువలు బయటపడ్డాయి. రాఫ్ట్ అల్గారిథమ్‌కి నిరూపణ ఉంది, నిజమే. కానీ ఆ నిరూపణ లాగ్ గురించి. లాగ్‌ని పక్కన పెట్టి షార్ట్‌కట్‌లో చదివితే ఆ నిరూపణ మనల్ని కాపాడదు.

మందు, దాని ఖరీదు

ఆ తర్వాత ఈటీసీడీలో `quorum=true` అనే ఆప్షన్ వచ్చింది. దాంతో రీడ్ కూడా రైట్ లాగే రాఫ్ట్ లాగ్‌లోంచి వెళ్తుంది. మెజారిటీ ఒప్పుకుంటేనే జవాబు. పాత లీడర్‌కి మెజారిటీ దొరకదు కాబట్టి తప్పు జవాబు ఇవ్వలేదు, టైమవుట్ మాత్రమే ఇస్తుంది. అయితే ఒక్క రీడ్ కోసం లాగ్‌లో, డిస్క్‌లో రాయడం బరువైన పని.

దీనికన్నా తేలికైన దారి రీడ్ ఇండెక్స్. రీడ్ రాగానే లీడర్ తన లాగ్‌లో ఇప్పటిదాకా ఎంతవరకు ఖాయమైందో ఆ నంబరు గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఒక్క రౌండ్ హార్ట్‌బీట్ పంపి "నేనింకా లీడర్నేనా?" అని అడుగుతుంది. మెజారిటీ అవునంటే, తన డేటా ఆ నంబరు దాకా అప్‌డేట్ అయ్యేవరకు ఆగి జవాబిస్తుంది. లాగ్‌లో ఏమీ రాయక్కర్లేదు, ఒక రౌండ్ ట్రిప్ ఆలస్యం తప్పదు. ఈటీసీడీ వెర్షన్ 3లో మామూలు రీడ్ ఈ పద్ధతిలోనే వెళ్తుంది. పాతదైనా పర్లేదు, త్వరగా కావాలనుకునేవాళ్లు అడిగి మరీ తీసుకోవాలి.

```
etcdctl get x --consistency="s"
```

నేను నా స్టోర్‌లో రీడ్ ఇండెక్స్ పెట్టాను. ఇరవై లైన్లు కూడా పట్టలేదు. రీడ్‌లు ముందుకన్నా నెమ్మదించాయి, తెగిన వైపు రీడ్‌లన్నీ ఇప్పుడు టైమవుట్ అవుతున్నాయి. మొదట్లో అది చూసి పాడైందేమో అనుకున్నాను. కాదు, తెలియనప్పుడు తెలియదని ఊరుకోవడమే ఇక్కడ సరైన పని.

ఇది దేనికి సరిపోదు

ఆ తర్వాత నా చెకర్ రాత్రంతా నడిచి ఒక్క తప్పూ పట్టలేదు. అంటే నా స్టోర్ సరైనదని తేలిందా? తేలలేదు. నేను తెంపిన తీరులో, నేను చేసిన ఆపరేషన్లలో తప్పు కనబడలేదు, అంతే. నేను ప్రాసెస్‌ని మధ్యలో చంపి లేపలేదు, గడియారాలు ముందుకీ వెనక్కీ జరపలేదు, డిస్క్ నిండిపోతే ఏమవుతుందో చూడలేదు. చెకర్ `False` అంటే అది రుజువు, ఆ ఆరు లైన్లు ఎవరికైనా చూపించొచ్చు. `True` అంటే అది రుజువు కాదు.

ఈటీసీడీయే దీనికి ఉదాహరణ. 2020 జనవరిలో జెప్సెన్ వెర్షన్ 3.4.3ని మళ్లీ పరీక్షించింది. పార్టిషన్లు, క్రాష్‌లు, గడియారం తేడాలు పెట్టినా కీ-వాల్యూ ఆపరేషన్లు మాట నిలబెట్టుకున్నాయి. ఆరేళ్ల కింద పట్టుబడిన చోట ఈసారి తప్పు లేదు. కానీ అదే రిపోర్టులో లాక్‌ల సంగతి వేరేగా తేలింది. ఒకే లాక్ ఒకేసారి ఇద్దరి చేతిలో ఉండగలదని బయటపడింది. రీడ్‌లు, రైట్‌లు మాత్రమే చూసే టెస్టుకి అది ఎప్పటికీ కనబడేది కాదు. లాక్ గురించి మాటిచ్చారు కాబట్టి లాక్‌నే విడిగా అడగాల్సి వచ్చింది.

చివరికి నా రిపోర్టులో ఆ వాక్యం కొట్టేసి ఇలా రాశాను: "మూడు నోడ్లలో ఒకటి మిగతా రెండింటి నుంచి పది సెకన్లు తెగినప్పుడు, ఒక్కో కీ మీద రీడ్, రైట్ ఆపరేషన్లు లీనియరైజబుల్ కాదని చూపే హిస్టరీ దొరకలేదు. క్రాష్‌లు, గడియారం తేడాలు పరీక్షించలేదు." పాత వాక్యం కన్నా పొడుగ్గా ఉంది, గొప్పగా కూడా లేదు. మేడమ్ చదివి, ఈసారి పెన్ను పెట్టలేదు. "గడియారాలు ఎప్పుడు జరుపుతున్నావ్?" అని మాత్రం అడిగారు.